మాత్ర పేరు కన్నా ముందు తేదీలు

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన రాజంపేట మహిళ ఒకరు, వయసు 38, ఊళ్లోని డాక్టరుకు వాట్సాప్‌లో ఇలా రాశారనుకుందాం: "డాక్టరు గారూ, మూడు నెలల నుంచి బహిష్టు అయిపోయాక మధ్యలో మళ్లీ రక్తం కనబడుతోంది. నొప్పి లేదు. సెలవు అడిగితే మేడమ్ ఒప్పుకోదు. ఏదైనా మాత్ర పేరు పంపండి సార్."

మంచి డాక్టరు మాత్ర పేరు పంపరు. ముందు తేదీలు అడుగుతారు. అసలు బహిష్టు ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లుంది, మధ్యలో ఏయే రోజుల్లో కనబడింది, ప్యాడ్ తడిసిందా, మరక మాత్రమేనా? బహిష్టులే అడ్డదిడ్డంగా వస్తుంటే అండం సరిగా విడుదల కావడం లేదని, థైరాయిడ్ లాంటి హార్మోన్ల తేడా ఉందని అనుమానించాలి. ఈవిడకు మాత్రం 29, 30 రోజులకొకసారి క్రమంగానే వస్తోంది, మధ్యలో మరకలు అదనం. అంటే హార్మోన్ల లెక్క చాలావరకు బాగానే ఉంది. రక్తం గర్భసంచిలోని పాలిప్ అనే చిన్న కండ నుంచో, ఇన్ఫెక్షన్ వల్ల గర్భసంచి ముఖద్వారం నుంచో వస్తుండవచ్చు. ముఖద్వారం క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే నొప్పి లేకుండా కనబడుతుంది. కలయిక తర్వాత రక్తం కనబడిందా అని డాక్టరు అడిగేది అందుకే.

సెలవుకు వచ్చినప్పుడు మూడు నెలల సూది వేయించుకున్నా, 72 గంటల మాత్ర మింగినా ఇలా కావచ్చు. ఈవిడ అవేవీ వాడలేదు, పిల్లలు పుట్టాక ఆపరేషన్ అయిపోయింది. అయినా గర్భ పరీక్ష చేయించుకోవాల్సిందే. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు, కానీ వస్తే అది ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఎక్కువ.

ఇక ఆవిడ అడిగిన మాత్ర సంగతి. తోటివాళ్లు ఇచ్చే నోరెథిస్టెరోన్ మింగితే రక్తం ఆగుతుంది. మానేసిన రెండు మూడు రోజులకు బహిష్టులా మళ్లీ వస్తుంది. కండ ఉంటే అది అక్కడే ఉంటుంది. పైగా తేదీల లెక్క చెడిపోయి, తర్వాత చూసే డాక్టరుకు దారి దొరకదు.

ఫోన్‌లో ఎంత బాగా విన్నా ముఖద్వారాన్ని కళ్లతో చూడటం కుదరదు. అందుకని ఈ డాక్టరు జవాబు ఇలా ఉండాలి: "అమ్మా, అక్కడే స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్లు. లోపల పరీక్ష, పాప్ స్మియర్, స్కానింగ్, హిమోగ్లోబిన్ చేయించుకో. ఈ తేదీలన్నీ చూపించు."

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగి పడిపోయినా, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రంగా నొప్పి వచ్చినా ఊరి డాక్టరు జవాబు కోసం ఆగకండి. కువైట్‌లో అంబులెన్స్‌కు 112కు ఫోన్ చేయండి.