మావటి చేతిలో ఉలి

క్రీ.పూ. 207లో ఇటలీలోని మెటారస్ నది ఒడ్డున రోమన్లకూ కార్తేజ్ సేనకూ యుద్ధం జరిగింది. కార్తేజ్ సేనాపతి హస్‌ద్రుబల్ దగ్గర కొన్ని ఏనుగులున్నాయి. వాటి మీద ఎక్కిన మావటీలు ఒక్కొక్కరూ ఒక ఉలి, ఒక సుత్తి వెంట ఉంచుకున్నారు. ఏనుగు బెదిరి సొంత సైన్యం మీదికి తిరిగితే, దాని రెండు చెవుల మధ్య తల మెడతో కలిసేచోట ఉలి ఆనించి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క దెబ్బ కొట్టాలి. అంత పెద్ద జంతువూ అక్కడికక్కడే కూలిపోతుంది. ఆ రోజు శత్రువుల చేతిలో చచ్చిన ఏనుగుల కంటే మావటీల చేతిలో చచ్చినవే ఎక్కువని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు.

యుద్ధ ఏనుగుల కథంతా ఆ ఉలిలో ఉంది. ఏళ్ల తరబడి మేపి, మచ్చిక చేసి, యుద్ధానికి తెచ్చిన ఏనుగును చంపే పనిముట్టు కూడా దాని వీపు మీదే మోయించాల్సి వచ్చింది. ఎందుకలా అయిందో తెలియాలంటే ముందు ఆ ఏనుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏ పనికి వచ్చిందో చూడాలి.

అడవిలో పట్టుకోవాల్సిందే

గుర్రాన్ని ఇంట్లో పెంచి, ఈనించి, మందను పెంచుకోవచ్చు. ఏనుగుతో అది కుదరదు. ఆడ ఏనుగు ఇరవై రెండు నెలలు కడుపు మోస్తుంది. పుట్టిన గున్న పనికి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఊరికే మేపే కంటే అడవిలో ఎదిగిన ఏనుగును పట్టి మచ్చిక చేయడమే రాజులకు గిట్టుబాటయింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఏనుగులను వేసవిలో పట్టాలి. ఇరవై ఏళ్ల వయసున్నవాటినే పట్టాలి. గున్నలను, చూడి ఏనుగులను, పాలిచ్చే తల్లులను, జబ్బు చేసినవాటిని వదిలేయాలి. నలభై ఏళ్ల ఏనుగు అన్నిటికంటే మేలైనది. రాజ్యం సరిహద్దుల్లో ఏనుగుల కోసం ప్రత్యేకంగా అడవిని కాపాడాలి. అక్కడ ఏనుగును చంపినవాడికి మరణశిక్ష. తనంతట తాను చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చి అప్పగించినవాడికి మాత్రం బహుమతి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే రాజు గెలుపు ముఖ్యంగా ఏనుగుల మీదే ఆధారపడి ఉందని అదే గ్రంథం చెబుతుంది. రథ, గజ, తురగ, పదాతి బలాలను కలిపి చతురంగ బలాలన్నాం. ఆ తర్వాత చాలా శతాబ్దాలకు కూడా కళింగ రాజులు గజపతి అన్న బిరుదును గర్వంగా ధరించారు. హంపీకి వెళ్లినవాళ్లు పదకొండు గుమ్మటాల గజశాలను చూసే ఉంటారు.

అసలు బలం భయంలో ఉంది

యుద్ధంలో ఏనుగు ఏం చేస్తుంది? తొక్కుతుంది, తొండంతో విసిరేస్తుంది, దంతాలతో పొడుస్తుంది. కోట తలుపులను కుంభస్థలంతో ఢీకొడుతుంది. మావటి కాక మరో ముగ్గురు విలుకాండ్రు దాని మీద ఎక్కేవారని చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన మెగస్తనీసు రాశాడు. అంత ఎత్తు నుంచి బాణం వేసేవాడికి యుద్ధభూమి అంతా కనిపిస్తుంది.

కానీ ఏనుగు చేసే అన్నిటికంటే పెద్ద పని, ఎవరినీ తాకకుండానే చేసేది. అలవాటు లేని గుర్రాలు దాన్ని చూసినా, వాసన తగిలినా, ఘీంకారం విన్నా నిలవవు. రౌతు ఎంత ధైర్యవంతుడైనా గుర్రం ముందుకు కదలదు. అందుకే ఏనుగుల వరస ఉన్న వైపు శత్రువుల అశ్వదళం పనికి రాకుండా పోతుంది. చిన్నప్పటి నుంచి ఏనుగుల మధ్య తిప్పిన గుర్రాలకే ఆ బెదురు పోతుంది. ఏనుగును ఎన్నడూ చూడని సైనికుల పరిస్థితి కూడా ఆ గుర్రాల పరిస్థితే.

భయానికి ఒక గుణం ఉంది. అది ఎదుటివాడిలో ఉన్నంతకాలం ఆయుధం. అదే ఏనుగులోకి వస్తే దానికి మనవాళ్లు, పరాయివాళ్లు అన్న తేడా ఉండదు. జీలం నది ఒడ్డున ఒక్క రోజులోనే ఈ రెండూ కనిపించాయి.

జీలం ఒడ్డున

క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ జీలం నదికి ఒక ఒడ్డున, పురుషోత్తముడు మరో ఒడ్డున విడిది చేశారు. గ్రీకులు ఆయన్ని పోరస్ అన్నారు. ఆయన దగ్గర 200 ఏనుగులున్నాయని చరిత్రకారుడు ఏరియన్ లెక్క. ఇంకొందరు అంతకంటే తక్కువే చెప్పారు. వర్షాలకు నది పొంగి ఉంది. తెప్పల మీద గుర్రాలను దాటించినా, అవతలి గట్టున ఏనుగులను చూడగానే అవి నీళ్లలోకి దూకేస్తాయని అలెగ్జాండర్‌కు తెలుసు. అంటే ఒక్క బాణం వేయకుండానే ఏనుగులు నదిని మూసేశాయి.

అలెగ్జాండర్ రోజూ రాత్రి తన అశ్వదళాన్ని గట్టు వెంట పరుగులు తీయించి, యుద్ధనాదాలు చేయించాడు. మొదట్లో పురుషోత్తముడు ఏనుగులతో సహా ఆ చప్పుడు వెంట కదిలాడు. ఎన్ని రాత్రులు గడిచినా ఎవరూ నది దాటకపోవడంతో ఇక కదలడం మానేశాడు. ఆ తర్వాత ఒక తుఫాను రాత్రి, విడిదికి ఇరవై ఏడు కిలోమీటర్ల దూరాన, చెట్లు దట్టంగా ఉన్న ఒక లంక చాటున అలెగ్జాండర్ నది దాటాడు. వాళ్లను అడ్డుకోవడానికి వెళ్లిన పురుషోత్తముడి కొడుకు రథాలు బురదలో దిగబడిపోయాయి.

పురుషోత్తముడు గట్టి ఇసుక నేల చూసుకుని సైన్యాన్ని నిలబెట్టాడు. ముందు వరసలో ఏనుగులు, ఒక్కోదానికి మధ్య సుమారు వంద అడుగుల ఎడం. వెనక పదాతిదళం. రెండు పక్కలా గుర్రాలు, రథాలు. దూరం నుంచి చూస్తే కోటగోడకు బురుజుల్లా ఉన్నాయట ఆ ఏనుగులు.

అలెగ్జాండర్ ఆ గోడ జోలికి పోలేదు. తన గుర్రాలను ఏనుగులకు దూరంగా ఉంచి, పురుషోత్తముడి ఎడమ పక్కనున్న అశ్వదళం మీద పడ్డాడు. మరో దళం చుట్టు తిరిగి వెనక నుంచి వచ్చింది. రెండు వైపులా దెబ్బ తిన్న భారతీయ రౌతులు తలదాచుకోవడానికి ఏనుగుల మధ్యకు చేరారు. అక్కడే కథ తిరిగింది.

అప్పుడు మావటీలు ఏనుగులను శత్రు పదాతిదళం మీదికి తోలారు. పొడవాటి ఈటెలతో దగ్గరదగ్గరగా నిలబడే మాసిడోనియా వ్యూహాన్ని ఏనుగులు చీల్చేశాయి. అలాంటి యుద్ధం ఆ సైనికులు అంతవరకు చూడలేదు. కానీ వాళ్లు పారిపోలేదు. ఏనుగు మీదికి వస్తే పక్కకు తప్పుకున్నారు. అది వెనుదిరిగితే వెంటపడి బల్లేలు విసిరారు. ముందుగా మావటీలను గురి చూసి కొట్టారు. కొందరు గొడ్డళ్లతో కాళ్ల మీద, వంపు కత్తులతో తొండాల మీద నరికారు.

మావటి పడిపోతే ఏనుగుకు దారి చెప్పేవాడు లేడు. ఒళ్లంతా గాయాలు, చుట్టూ అరుపులు. శత్రువులు బయట ఎడంగా నిలబడ్డారు కాబట్టి వాళ్లకు తప్పుకునే చోటుంది. ఏనుగుల మధ్య ఇరుక్కున్న పురుషోత్తముడి సైనికులకు అది లేదు. ఏనుగులు తొక్కింది ఎక్కువగా వాళ్లనే. చివరికి అలిసిపోయి, ఘీంకారం తప్ప మరేమీ చేయలేక, వెనకడుగు వేసుకుంటూ పోయాయని ఏరియన్ రాశాడు. కుడి భుజానికి గాయమైనా తన ఏనుగు దిగకుండా చివరిదాకా పోరాడాడు పురుషోత్తముడు.

కిటుకు తెలిసిపోయాక

ఈ యుద్ధం తర్వాత గ్రీకు సేనానులు ఏనుగుల మీద మోజు పెంచుకున్నారు. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన సెల్యూకస్, చంద్రగుప్తుడితో సంధి చేసుకుని 500 ఏనుగులు పుచ్చుకుని, సింధు నది వైపున్న ప్రాంతాలు వదులుకున్నాడు. క్రీ.పూ. 301లో ఇప్సస్ దగ్గర ఆ ఏనుగులను అతడు సరైన పనికి వాడాడు. శత్రువు కొడుకు డెమెట్రియస్ గుర్రాలతో తరుముకుంటూ దూరం వెళ్లిపోయాడు. అతడు తిరిగి రాకుండా మధ్యలో ఏనుగులను అడ్డం నిలిపారు. కొడుకు రాలేదు, తండ్రి యుద్ధభూమిలోనే చనిపోయాడు. ఇక్కడ కూడా ఏనుగు గెలిపించింది గుర్రాల భయంతోనే.

అయితే భయం ఎదుటివాడికి కొత్తగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది. క్రీ.పూ. 202లో జామా దగ్గర హానిబాల్ 80 ఏనుగులను ముందు నిలిపాడు. రోమన్ సేనాపతి స్కిపియో తన దళాలను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, మధ్యలో ముందు నుంచి వెనకదాకా తిన్నటి సందులు వదిలాడు. ఆ సందులు బయటికి కనిపించకుండా బల్లేలు విసిరే తేలికపాటి సైనికులను వాటిలో నిలబెట్టాడు. ఏనుగులు కదలగానే కొమ్ము బూరలు ఒక్కసారిగా మోగాయి. కొన్ని బెదిరి వెనక్కి తిరిగి హానిబాల్ సొంత గుర్రాల మీదే పడ్డాయి. మిగతావి మనుషులు లేని సందుల గుండా నేరుగా పరుగెత్తి, రెండు పక్కల నుంచీ బల్లేల దెబ్బలు తింటూ వెనకవైపు బయటపడ్డాయి. సంధిలో రోమ్ పెట్టిన షరతుల్లో ఒకటి, కార్తేజ్ ఏనుగులన్నీ అప్పగించాలి, ఇకపై మచ్చిక చేయకూడదు. క్రీ.పూ. 46లో థాప్సస్ దగ్గర సీజర్ సేన ముందు కూడా ఏనుగులు ఇలాగే బెదిరి సొంతవాళ్లను తొక్కాయి. ఆ తర్వాత మధ్యధరా తీరపు యుద్ధాల్లో వాటి పాత్ర దాదాపు ముగిసింది.

మన దగ్గర ఎందుకు ఆలస్యమైంది

మన దేశంలో మాత్రం మరో పదిహేను వందల ఏళ్లు గడిచినా ఏనుగు యుద్ధం మానలేదు. అడవులు దగ్గరున్నాయి, మావటీల కుటుంబాల్లో విద్య ఉంది. మంచి గుర్రాలు మాత్రం సముద్రం దాటి రావాలి. ఏనుగు అంబారీలో కూర్చున్న రాజు సైన్యమంతటికీ కనిపిస్తాడు. అదే ప్రమాదం కూడా. 1556లో రెండో పానిపట్ యుద్ధంలో గెలుపు అంచున ఉన్న హేమూ కంటికి బాణం తగిలి ఏనుగు మీదే కూలిపోయాడు. రాజు కనిపించకపోయేసరికి సైన్యం చెదిరిపోయింది.

ఆఖరి దెబ్బ తుపాకీ మందుది. 1526లో అదే పానిపట్‌లో బాబర్ ఏడు వందల బండ్లను తోలు తాళ్లతో కట్టి, వాటి చాటున తుపాకులను నిలిపాడు. ఇబ్రహీం లోడీ దగ్గర వెయ్యి దాకా ఏనుగులున్నాయని బాబర్ అంచనా. అవి ఏవీ ఆయన్ని కాపాడలేదు. కత్తికి, ఈటెకు తట్టుకునేలా ఏనుగుకు కవచం తొడగవచ్చు. గుండు ముందు ఆ కవచం ఆగదు. ఫిరంగి మోతకు బెదరకుండా ఏనుగును నిలబెట్టే తాడు లేదు. పైగా అంత పెద్ద శరీరం దూరం నుంచి గురి పెట్టేవాడికి తేలికైన లక్ష్యం.

అప్పటి నుంచి ఏనుగు సైన్యంలో మిగిలింది బరువులు మోయడానికి. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం పెద్ద ఫిరంగులను ఏనుగులతో లాగించేది. గుండ్లు పడే చోటు దగ్గరపడగానే ఏనుగులను విప్పి, వాటి స్థానంలో ఎద్దులను కట్టేవారు. ఎద్దులు ఆ మోతలో నిలబడేవి, ఏనుగులు నిలబడేవి కావు.