బకాయిల జాబితా: FILTER, UNIQUE ప్రమేయాల వినియోగం

మీరు ఒక గ్రామైక్య సంఘానికి లెక్కలు రాస్తున్నారనుకోండి. 60 మంది సభ్యుల వివరాలు ఒకే షీటులో ఉన్నాయి. A నిలువు వరుసలో పేరు, B లో పొదుపు సంఘం, C లో ఈ నెల వాయిదా, D లో చెల్లించిన మొత్తం. బకాయి ఉన్నవారిని ఏరి వేరేచోట కాపీ చేస్తే, ఆ జాబితా ఆ క్షణానికే సరైనది. మధ్యాహ్నం డబ్బు కట్టిన సభ్యురాలిని సాయంత్రం మళ్లీ అడగవలసి వస్తుంది.

ముందుగా F2 గడిలో ఈ సూత్రాన్ని రాయండి.

```
=UNIQUE(B2:B61)
```

సంఘాల పేర్లు ఒక్కొక్కటి ఒక్కసారే కిందికి పరచుకుంటాయి. ఒకే సంఘం రెండుసార్లు కనిపిస్తే సూత్రాన్ని అనుమానించకండి. ఎక్కడో పేరు చివర ఖాళీ జాగా పడి ఉంటుంది. అసలు షీటులో దాన్ని సరిచేయండి.

ఇప్పుడు H1 లో ‘దుర్గ’ అని సంఘం పేరు రాసి, H3 లో ఇలా రాయండి.

```
=FILTER(A2:D61,(B2:B61=H1)*(C2:C61>D2:D61),"బకాయి లేదు")
```

ఇక్కడ గుణకార గుర్తు రెండు షరతులనూ కలుపుతుంది. నిజమైతే 1, కాకపోతే 0. రెండూ నిజమైన వరుసలే మిగులుతాయి. ఫలితం పరచుకోవలసిన గడుల్లో ఏదైనా రాసి ఉంటే #SPILL! అని వస్తుంది. ఆ గడిని ఖాళీ చేస్తే చాలు. #NAME? వస్తే మీ ఎక్సెల్ పాతది కావచ్చు. ఈ ప్రమేయాలు ఎక్సెల్ 2021లోను, మైక్రోసాఫ్ట్ 365లోను ఉన్నాయి, 2019లో లేవు.

దుర్గ సంఘంలో లక్ష్మి, రమణమ్మ, సుజాత 500 రూపాయల చొప్పున బాకీ ఉన్నారనుకుందాం. రమణమ్మ పేరు పక్కన L4 లో మీరు ‘సోమవారం కడతానన్నారు’ అని రాసుకున్నారు. ఇంతలో లక్ష్మి కట్టింది. D లో 500 వేయగానే ఆమె పేరు జాబితా నుంచి పోయి, రమణమ్మ పై వరుసకు, సుజాత ఆమె స్థానానికి జరుగుతారు. మీరు రాసిన మాట మాత్రం L4 లోనే ఉండిపోతుంది. ఇప్పుడది సుజాత ఇచ్చిన మాటగా కనిపిస్తుంది! ఎక్సెల్ ఏ హెచ్చరికా చేయదు. #SPILL! కన్నా ఇదే ప్రమాదకరం, ఎందుకంటే తప్పు జరిగినట్టే తెలియదు.

కాబట్టి ఫలితం పక్కన ఏమీ రాయకండి. అసలు షీటులో E ని ‘గమనిక’ వరుసగా పెట్టి, మాట అక్కడే రాయండి. L4 లో రాసినదాన్ని చెరిపి, సూత్రంలో A2:D61 ని A2:E61 గా మార్చండి. అప్పుడు గమనిక మనిషితోపాటే కదులుతుంది. గమనిక లేనివారి దగ్గర 0 కనబడుతుంది, దానితో ఇబ్బంది లేదు.

61వ సభ్యురాలు చేరితే? ఆమె వరుస 62. సూత్రం 61 దగ్గరే ఆగిపోతుంది. అందుకే మొదటే అసలు వివరాలను ఎంపిక చేసి Ctrl+T తో పట్టికగా మార్చుకోండి. కొత్త వరుస చేరినప్పుడు సూత్రంలోని పరిధి దానంతట అదే పెరుగుతుంది. అయితే FILTER సూత్రాన్ని ఆ పట్టిక లోపల రాయకూడదు. రాస్తే మళ్లీ #SPILL! వస్తుంది.