ధర మారినా పాత ధరే

ఆన్‌లైన్ దుకాణంలో ఒక చీర ధరను డేటాబేస్‌లో 900 నుంచి 750కి తగ్గించారనుకుందాం. కొనేవారి ఫోన్లో మాత్రం ఇంకా 900 కనిపిస్తోంది. ప్రతిసారీ డేటాబేస్‌ని అడగకుండా, సర్వర్ ఆ ధరను రెడిస్ అనే క్యాష్‌లో 300 సెకన్ల గడువుతో దాచుకుంది మరి. నిజమో కాదో తేల్చుకోవాలంటే, ధర మార్చిన వెంటనే రెడిస్‌నే అడగొచ్చు:

```
GET price:42
"900"
TTL price:42
(integer) 212
```

పాత ధరకు ఇంకా 212 సెకన్ల ఆయుష్షు ఉందన్నమాట. గడువు గడియారాన్ని చూస్తుందే తప్ప డేటాబేస్‌ని చూడదు. అక్కడ ధర మారిన సంగతి క్యాష్‌కి ఎవరూ చెప్పలేదు. ధర మార్చిన కోడే వెంటనే `DEL price:42` పంపితే, తర్వాత అడిగినవారికి 750 వస్తుంది. అదీ పూర్తి భరోసా కాదు: మార్పుకు ముందే 900 చదివేసుకున్న మరో రిక్వెస్ట్, చెరిపేశాక దాన్ని మళ్లీ క్యాష్‌లో రాసేయొచ్చు. అందుకే చెరిపే ఏర్పాటు ఉన్నా గడువును తీసేయరు. బిల్లు వేసేటప్పుడు మాత్రం ధరను నేరుగా డేటాబేస్ నుంచే చదవాలి.