అక్క మే, తమ్ముడు కోడీ

కథ కోసం ఒక ఇల్లు అనుకుందాం. పదో తరగతి అక్క, ఏడో తరగతి తమ్ముడు, హాల్లో టీవీ కింద ఒకే ఒక్క పీఎస్4. అమ్మ పెట్టిన నియమం ప్రకారం చెరో అరగంట. వాడికి క్రికెట్ గేమ్ కావాలి, ఆమెకు కథ నడిచే గేమ్ కావాలి. రోజూ సాయంత్రం ఆరున్నరకి గొడవ మొదలు.

వంతుల పద్ధతి ఎందుకు నిలవలేదో ఊహించడం కష్టం కాదు. గడియారం అరగంటకి ఆగుతుంది కానీ మ్యాచ్ ఆగదు. "ఈ ఓవర్ అయ్యాక ఇస్తానక్కా" అంటాడు వాడు. ఆ ఓవర్ తర్వాత ఇంకో వికెట్, ఆ తర్వాత ఛేజింగ్. తన వంతు వచ్చినప్పుడు ఆమె కూడా అదే చేస్తుంది. కథలో తర్వాతి సేవ్ పాయింట్ వచ్చేదాకా రిమోట్ వదలదు. అవతలివాళ్లు సోఫాలో కూర్చుని చూడటం తప్ప చేసేదేమీ లేదు.

సరే, ఇద్దరూ కలిసి ఆడే గేమ్ చూద్దామనుకున్నారు. ముందు క్రికెట్‌లోనే ఎదురెదురుగా దిగారు. వాడు రోజూ ఆడేవాడు, ఆమెకు బంతి టైమింగే అందలేదు. మూడో మ్యాచ్‌కే "నాకొద్దురా బాబూ" అని రిమోట్ పక్కన పెట్టేసింది. నైపుణ్యంలో ఇంత తేడా ఉన్నప్పుడు పోటీ గేమ్ ఓడేవాళ్లకు మాత్రమే కాదు, గెలిచేవాళ్లకు కూడా త్వరగానే విసుగు పుట్టిస్తుంది.

తర్వాత ఒక ఫ్రెండ్ దగ్గర ఓవర్‌కుక్డ్ డిస్క్ అడిగి తెచ్చుకున్నారు. ఘోస్ట్ టౌన్ గేమ్స్ అనే బ్రిటన్ స్టూడియో 2016లో తెచ్చిన వంటింటి గేమ్ అది. కూరలు తరగాలి, వండాలి, ప్లేట్లు కడగాలి, టైమ్ అయిపోయేలోపు ఆర్డర్లు అందించాలి. మంచి గేమే. కానీ అందులో ఇద్దరి చేతిలోనూ ఉన్నవి ఒకే పనులు. చురుగ్గా ఉన్నవాళ్లు అన్నీ తామే లాక్కుని చేసేస్తారు, రెండోవాళ్లు దారికి అడ్డం పడతారు. "ఉల్లిపాయలు తరగమంటే సూప్ మాడ్చేశావేంట్రా!" అని అక్క అరుపు. వంటింటికి నిప్పంటుకుంది, హాల్లో కూడా అంటుకున్నంత పనయింది.

చివరికి ఇద్దరూ ఒప్పుకున్న గేమ్ ఇట్ టేక్స్ టూ. స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ స్టూడియో తయారుచేసింది. 2021 మార్చిలో విడుదలై, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో అత్యుత్తమ గేమ్‌గా నిలిచింది. దీన్ని ఒక్కరు ఆడటానికి వీలే లేదు. ఒంటరిగా ఆడే మోడ్ అసలు పెట్టలేదు.

కథలో విడాకులు తీసుకోబోతున్న భార్యాభర్తలు, మే, కోడీ. వాళ్ల కూతురు రోజ్ కన్నీటి చుక్కలు పడి ఇద్దరూ చిన్న బొమ్మలుగా మారిపోతారు. తిరిగి మనుషులు కావాలంటే తమ ఇంటినే బొమ్మల సైజులో దాటుకుంటూ రావాలి. అక్క మేని తీసుకుంది, తమ్ముడు కోడీని.

ఈ గేమ్ గుట్టు షెడ్ భాగంలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కోడీకి మేకులు దొరుకుతాయి, మేకి సుత్తి తల దొరుకుతుంది. కోడీ గోడమీది చెక్కలోకి మేకు విసురుతాడు. ఆ మేకుకి సుత్తిని తగిలించి మే ఊగుతూ అవతలికి దూకుతుంది. అటు చేరాక ఆమె సుత్తితో అడ్డం పగలగొడితేనో, మీట కొడితేనో కోడీకి దారి తెరుచుకుంటుంది. మేకు లేకపోతే అక్క కదల్లేదు, సుత్తి లేకపోతే తమ్ముడు కదల్లేడు. వాడెంత చురుకైనవాడైనా ఆమె పని లాక్కోలేడు, ఎందుకంటే ఆ సుత్తి వాడి దగ్గర లేనే లేదు. ఓవర్‌కుక్డ్‌లో గొడవ పుట్టిన చోటే ఇక్కడ మాట పుడుతుంది. "కుడివైపు, ఇంకొంచెం పైన వెయ్యి. ఆ... ఇప్పుడు!"

అలవాటు పడ్డారో లేదో పనిముట్లు మారిపోతాయి. చెట్టు భాగంలో కోడీ జిగురు చిమ్ముతాడు, మే అగ్గిపుల్లలు పేలుస్తుంది. జిగురు పూసిన చోట అగ్గి తగిలితేనే పేలుతుంది. మంచు ఊరి భాగంలో ఇద్దరికీ అయస్కాంతాలు ఇస్తారు, ఒకరిది ఒక ధ్రువం, ఇంకొకరిది మరో ధ్రువం. ఇలా ప్రతి భాగంలోనూ ఇద్దరూ కొత్తగా నేర్చుకోవాల్సిందే కాబట్టి, పాత అలవాటున్న తమ్ముడికి దక్కే మొగ్గు కొంత తగ్గుతుంది.

పడిపోయినా పెద్ద శిక్ష లేదు. ఒకరు చనిపోతే బటన్ గబగబా నొక్కితే మళ్లీ లేస్తారు. పెద్ద పోరాటాల్లో ఇద్దరూ ఒకేసారి పడిపోతేనే వెనక్కి వెళ్లాలి. ఇక ఒకరినొకరు ఓడించాలనే సరదా ఉంటుందిగా, దానికీ చోటుంది. దారి పొడవునా చిన్న చిన్న పోటీ ఆటలు పెట్టారు. అక్క వాటిలో గెలిచిన రోజున తమ్ముడు "ఇంకొక్కసారి" అని బతిమాలతాడు.

ఈ గేమ్ దర్శకుడు జోసెఫ్ ఫారెస్‌కి అన్నదమ్ముల కథలు కొత్త కాదు. లెబనాన్‌లో పుట్టి, అక్కడి అంతర్యుద్ధ కాలంలో కుటుంబంతో స్వీడన్ చేరి, ముందు సినిమా దర్శకుడయ్యాడు. 2013లో వచ్చిన ఆయన తొలి గేమ్ బ్రదర్స్‌లో ఒకే కంట్రోలర్ ఇద్దరన్నదమ్ములను నడిపిస్తుంది, ఎడమ స్టిక్ అన్నకి, కుడి స్టిక్ తమ్ముడికి. 2018 నాటి ఎ వే అవుట్‌లో ఇద్దరు హీరోల్లో ఒకడి పాత్రను పోషించింది ఆయన సొంత అన్న, నటుడు ఫారెస్ ఫారెస్.

ఇలాంటి గేమ్‌లు తక్కువగా ఉండటానికి సాంకేతిక కారణం కూడా ఉంది. తెర రెండుగా చీలితే, ఒకే లోకాన్ని రెండు కెమెరాల నుంచి కన్సోల్ రెండుసార్లు గీయాలి. మొత్తం తెర సైజు మారకపోయినా పని బాగా పెరుగుతుంది. 2015లో వచ్చిన హేలో 5 చీలిన తెరను పూర్తిగా వదిలేసింది. హేలో ఇన్ఫినిట్ కథా భాగానికి ఇస్తామన్న ఆ సౌకర్యాన్ని కూడా 2022లో రద్దు చేశారు. పైగా చాలా కంపెనీలు ఇద్దరు ఆడటమంటే ఇద్దరికీ చెరో కన్సోల్, చెరో ఇంటర్నెట్ అనే లెక్కలోనే ఉన్నాయి. ఒక్క కన్సోల్ ఇళ్లను మరిచిపోవడం వాళ్ల తప్పేనని చెప్పాలి.

కొనేవాళ్లు కొన్ని సంగతులు చూసుకోవాలి. పీఎస్4 పెట్టెలో మామూలుగా ఒక్క కంట్రోలరే వస్తుంది, రెండోది విడిగా కొనాలి. సేవ్ ఒక్కొక్కరి ప్రొఫైల్‌లో విడిగా ఉంటుంది కాబట్టి, రోజూ మొదలుపెట్టిన ప్రొఫైల్‌తోనే తెరవాలి. మాటలన్నీ ఇంగ్లిష్‌లో నడుస్తాయి, తెలుగు లేదు. యూరప్ రేటింగ్ ప్రకారం పన్నెండేళ్లు దాటినవాళ్లకే. ఆ రేటింగ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. తల్లిదండ్రుల విడాకుల గొడవే కథకి మూలం. మధ్యలో, ప్రాణాలకోసం వేడుకునే ఏనుగు బొమ్మను ఇద్దరూ కలిసి ఈడ్చుకెళ్లే సన్నివేశం ఒకటుంది. చిన్న పిల్లలే కాదు, పెద్దవాళ్లూ అక్కడ కలతపడతారు. ఏడెనిమిదేళ్ల పిల్లలున్న ఇంట్లో లెగో గేమ్‌లు మేలు. వాటిలో రెండోవాళ్లు ఎప్పుడైనా చేరొచ్చు, ఎప్పుడైనా తప్పుకోవచ్చు.

ఏ గేమ్ కొన్నా, స్టోర్ పేజీలో ఎంతమంది ఆడొచ్చని రాసిందో చదివేటప్పుడు, ఆ అంకె ఆన్‌లైన్‌కా, ఒకే టీవీ ముందు ఆడటానికా అన్నది తప్పకుండా చూడండి. ఇదే స్టూడియో 2025 మార్చిలో స్ప్లిట్ ఫిక్షన్ అనే మరో జంట గేమ్ తెచ్చింది, కానీ అది పీఎస్4లో పనిచేయదు. పాత కన్సోల్ ఉన్న అక్కాతమ్ముళ్లకు ఇట్ టేక్స్ టూనే సరైన ఎంపిక.