ప్లేటుకు పన్నెండు రూపాయలు

టిఫిన్ల వ్యాపారం పెట్టేవాళ్లు ముందుగా భయపడేది అద్దెకు. మొదటి తారీఖు రాగానే కట్టాల్సిన సొమ్ము కాబట్టి ఆ భయం సహజమే. కానీ ముంచేది చాలాసార్లు అద్దె కాదు.

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒకావిడ చిన్న గది తీసుకుని, హాస్టళ్లకు ఉదయంపూట ఇడ్లీ పార్సిళ్లు పంపుతోందనుకుందాం. అద్దె 8,000, సహాయకురాలి జీతం 9,000, ఫోను, దీపాల కరెంటు కలిపి 1,000. ఒక్క ఇడ్లీ అమ్ముడు పోకపోయినా నెలకు ఈ 18,000 కట్టాల్సిందే. ఇవి స్థిర ఖర్చులు.

ఇక ప్లేటు లెక్క. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, సాంబారు కలిపి ధర 40 రూపాయలు. అందులో సరుకులకు 17, గ్యాసుకు 2, ప్యాకింగ్‌కు 4, చేరవేయడానికి పెట్రోలుకు 5 పోతాయి. మొత్తం 28. మిగిలేది 12. ఇది లాభం కాదు, ముందు అద్దె, జీతం తీరాల్సింది దీంట్లోంచే. 18,000ను 12తో భాగిస్తే 1,500. నెలకు 26 రోజులు పనిచేస్తే రోజుకు 58 ప్లేట్లు. అక్కడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు.

ఇప్పుడు ఇంటి యజమాని అద్దె 1,500 పెంచాడనుకోండి. నెలకు మరో 125 ప్లేట్లు, అంటే రోజుకు ఐదు ఎక్కువ అమ్మితే సరిపోతుంది. అదే మినప్పప్పు, పల్లీల ధరలు పెరిగి ప్లేటు ఖర్చు మూడు రూపాయలు ఎక్కువైతే? మిగులు 9కి పడిపోతుంది. అమ్మాల్సినవి 2,000 ప్లేట్లు, రోజుకు 77. అద్దె కోసం గంటసేపు బేరమాడిన మనిషి ఈ మూడు రూపాయలను చాలాసార్లు గమనించనే గమనించదు, అవి రోజూ కొంచెం కొంచెంగా పోతాయి కాబట్టి.

మిగిలిపోయిన ప్లేటు మరీ దారుణం. వండేశాక అమ్ముడు పోకపోతే సరుకు, గ్యాసు కలిపి 19 రూపాయలు పోయినట్టే. ఆ లోటు పూడాలంటే ఇంకో రెండు ప్లేట్లు అమ్మాలి. అందుకే ముందురోజు రాత్రే ఆర్డర్లు తీసుకుని, దానికి తగ్గట్టు పిండి రుబ్బుకోవడం మేలు. వంట మిగిలిందంటే, 58 ప్లేట్లు అమ్మినా ఆ రోజు నష్టమే.

ఈ లెక్కలో ఒకటి రాయలేదు: తెల్లవారుజామున లేచే ఆవిడ కూలి. దానికి నెలకు 15,000 వేసుకుంటే స్థిర ఖర్చు 33,000 అవుతుంది, అమ్మాల్సినవి 2,750 ప్లేట్లు. రోజుకు 106. మీరు గది చూసుకుంటుంటే, అన్ని ఆర్డర్లు ఆ చుట్టుపక్కల దొరుకుతాయో లేదో తేల్చుకున్నాకే అడ్వాన్సు చేతిలో పెట్టండి.