ప్రొజెక్టర్ బొమ్మ పోయే ముందు గదిలో ఏం జరిగింది?

“ఏడో తరగతి గదిలో ప్రొజెక్టర్ అప్పుడప్పుడూ సిగ్నల్ రాకుండా ఆగిపోతోంది. దయచేసి బాగుచేయించగలరు.” బడుల నుంచి ఐటీ విభాగానికి వచ్చే ఉత్తరాలు చాలావరకు ఇంతే ఉంటాయి. ఉత్తరం పట్టుకుని టెక్నీషియన్ వెళ్తాడు. ఆన్ చేస్తే బొమ్మ చక్కగా వస్తుంది. పావుగంట కూర్చుంటాడు, ఏమీ కాదు. “చూశాం, బాగానే ఉంది” అని రిజిస్టర్లో రాసి వచ్చేస్తాడు. మర్నాడు రెండో పీరియడ్‌లో మళ్లీ పోతుంది. ఐటీ వాళ్లు పట్టించుకోరని టీచరుకి కోపం, టీచర్లకి వాడటం చేతకాదని ఐటీ వాళ్లకి అభిప్రాయం. ఆ బొమ్మ మాత్రం ప్రతిసారీ ఏదో ఒక కారణంతోనే పోతుంది. ఆ కారణాన్ని పట్టుకోగల మనిషి అది పోయిన క్షణంలో గదిలో ఉన్న టీచరు ఒక్కరే.

బొమ్మ పోగానే చాలామంది ముందు అనుమానించేది లాంపుని. లాంపు మార్పించి వేల రూపాయలు పోగొట్టుకున్న బడులున్నాయి. ఆలోచించండి: తెర మీద No Signal అనే అక్షరాలు కనిపిస్తున్నాయంటే వాటిని చూపిస్తున్నది ప్రొజెక్టరే కదా. లాంపు వెలుగుతోంది, లెన్సు పనిచేస్తోంది, లోపల బొమ్మ తయారుచేసే భాగమూ పనిచేస్తోంది. దానికి బయటి నుంచి రావలసింది రాలేదు, అంతే. ఇంకా సందేహం ఉంటే ఆ సమయంలోనే రిమోట్ మీద Menu నొక్కి చూడండి. మెనూ స్పష్టంగా వస్తే లాంపు జోలికి పోనక్కర్లేదు. తెర పూర్తిగా చీకటైపోయి ఫ్యాను శబ్దం మారితే మాత్రం అది వేరే జబ్బు. కరెంటు, వేడి, లాంపు ఆ కోవలోకి వస్తాయి.

మరి రావలసింది ఎందుకు రాలేదు? లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్ కొనలో 19 పిన్నులుంటాయి. ఎక్కువ భాగం బొమ్మను మోసేవే. మనకు ఇక్కడ కావలసినవి చివరి రెండు. 18వ పిన్ను మీద లాప్‌టాప్ 5 వోల్టులు పంపుతుంది. ప్రొజెక్టర్ ఆ వోల్టేజీని 19వ పిన్ను మీద తిప్పి పంపుతుంది. “నేనున్నాను” అని చెప్పడానికి దానికున్న దారి ఇదే. దీన్ని క్లాసులో హాజరు పట్టీ అనుకోండి. ప్రొజెక్టర్ అనే పిల్లవాడు పీరియడ్ అంతా చెయ్యెత్తి ఉంచాలి. చెయ్యి పైకి ఉన్నంతసేపూ లాప్‌టాప్ టీచరు పాఠం చెబుతుంది. చెయ్యి దిగితే పిల్లవాడు లేచి వెళ్లిపోయాడనుకుని పాఠం ఆపేస్తుంది. ఎందుకు దించాడని అడగదు. మళ్లీ చెయ్యి లేస్తే కొత్తగా చేరిన పిల్లవాడికిలాగే పేరు, ఊరు అన్నీ మొదటి నుంచి రాసుకుంటుంది.

ఆ పేరూ ఊరూ రాసుకునే పనికే సమయం పడుతుంది. ప్రొజెక్టర్ లోపల చిన్న మెమరీలో దాని తయారీదారు పేరు, అది చూపగలిగిన బొమ్మ కొలతలు ఉంటాయి. లాప్‌టాప్ వాటిని చదివి, ఏ కొలతలో పంపాలో నిర్ణయించుకుని, తన తెరల అమరిక సరిచేసుకుని, మళ్లీ పంపడం మొదలుపెడుతుంది. ప్రొజెక్టర్ ఆ కొత్త ప్రవాహం లయను పట్టుకుని తెర మీదికి తెస్తుంది. కాపీ రక్షణ ఉన్న సినిమా అయితే రహస్య సంకేతాల మార్పిడి కూడా జరగాలి. అందుకే 19వ పిన్ను వోల్టేజీ సెకనులో పదో వంతు పడిపోయినా తెర మీద నాలుగైదు సెకన్ల నీలం కనిపిస్తుంది. వైరు పీకి పెడితే బొమ్మ వచ్చేదీ ఇందుకే. పీకినప్పుడు చెయ్యి దిగింది, పెట్టినప్పుడు లేచింది, హాజరు కొత్తగా పడింది. దానితో రోగం కుదిరిందనుకోవడం పొరపాటు. దక్షిణపు గోడకి వాస్తు బాగోలేదని తెరనీ ప్రొజెక్టర్‌నీ తూర్పు గోడవైపు మార్పించిన బడి ఒకటి నాకు తెలుసు. మార్చాక బాగైంది కూడా. మార్చేటప్పుడు కొత్త కేబుల్ వేశారు, కొత్త దారిలో వేశారు. పేరు మాత్రం వాస్తుకి వచ్చింది. పిల్లలకి కార్యకారణ సంబంధం నేర్పే చోట ఇలా జరగడం నాకు మింగుడుపడదు.

ఇంతకీ చెయ్యి దిగేదెందుకు? వదులైన సాకెట్, మడతపడి నలిగిన వైరు మామూలు కారణాలు. తాకి కదిపితే తెలిసిపోతాయి. కష్టపెట్టేది మూడో కారణం. పాత ట్యూబ్‌లైటులో చోక్ ఉంటుంది. అది ఇనుము మీద చుట్టిన రాగి తీగ చుట్ట. చుట్టలో పారుతున్న కరెంటుని ఒక్కసారిగా ఆపితే చుట్ట ఒప్పుకోదు. ఆ కరెంటుని కొనసాగించడానికి ప్రయత్నిస్తుంది, దాంతో స్విచ్ విడిపోతున్న సందులో వోల్టేజీ ఎగసి చిన్న నిప్పురవ్వ పుడుతుంది. హైన్రిష్ హెర్ట్జ్ 1880ల చివర్లో రేడియో తరంగాలు పుట్టించి చూపింది తీగ చుట్టతోనూ నిప్పురవ్వతోనూ. తరగతి గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పిన ప్రతిసారీ ఆ ప్రయోగం చిన్న ఎత్తున జరుగుతుంది. నమ్మకం కుదరకపోతే పాత మీడియం వేవ్ రేడియోని స్టేషన్ లేని చోట పెట్టి స్విచ్ నొక్కండి, టక్కుమంటుంది. మా సంచీలో మీటర్‌తోపాటు ఆ రేడియో ఎప్పుడూ ఉంటుంది. కేబుల్ పక్కన పెట్టి వింటే ఏ స్విచ్ ఎంత అలజడి చేస్తోందో ఖర్చు లేకుండా తెలుస్తుంది. కరెంటు తీగలూ హెచ్‌డీఎంఐ కేబులూ ఒకే పైపులో పక్కపక్కన పది పదిహేను మీటర్లు నడిస్తే ఆ అలజడి 19వ పిన్ను తీగ మీదికి ఎక్కుతుంది. అక్కడ వోల్టేజీ 0.8 వోల్టుల కిందికి దిగితే లాప్‌టాప్ లెక్కలో ప్రొజెక్టర్ లేనట్టే.

ఇప్పుడు ఒక సాంఘిక శాస్త్రం టీచరు రాసిన ఉత్తరం చూడండి. బడి పేరు తీసేసి ఇస్తున్నాను.

“గౌరవనీయులైన ఐటీ విభాగం ఇన్‌ఛార్జి గారికి, నమస్కారం. మా 9వ తరగతి ‘బి’ సెక్షన్ గదిలో పాఠం మధ్యలో ప్రొజెక్టర్ బొమ్మ పోతోంది. నేను గమనించినవి రాస్తున్నాను. తెర నీలంగా మారి No Signal అని వస్తుంది. అప్పుడు మెనూ నొక్కితే మెనూ కనిపిస్తోంది. మేమేమీ చేయకుండానే ఐదారు సెకన్లలో బొమ్మ తిరిగి వస్తుంది. బొమ్మ పోయినప్పుడు నా లాప్‌టాప్ తెర కూడా ఒక్కసారి ఆరి వెలుగుతోంది. సోమవారం 10.20కి, మంగళవారం 11.40కి, గురువారం 10.15కి పోయింది. సోమ, గురువారాల్లో వీడియో మొదలుపెట్టి, బాగా కనిపించడానికి వెనక ట్యూబ్‌లైట్లు ఆర్పించాను. మంగళవారం మేం ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. పక్క గదివాళ్లు అదే సమయంలో లైట్లు ఆర్పారని తర్వాత తెలిసింది. గణితం మాస్టారి లాప్‌టాప్ పెట్టినా ఇంతే. నా లాప్‌టాప్ ‘ఎ’ సెక్షన్‌లో సరిగ్గానే పనిచేస్తోంది. బల్ల దగ్గర వైరు కదిపితే బొమ్మ పోవడం లేదు. గోడ సాకెట్ నుంచి ప్రొజెక్టర్ దాకా కేబుల్ గోడ పైపులో ఉంది. ఇట్లు, భవదీయురాలు.”

ఈ ఉత్తరంలో సాంకేతిక పదం దాదాపు లేదు. అయినా గదిలో అడుగు పెట్టకముందే సగం పని పూర్తయింది. మెనూ కనిపించింది కాబట్టి లాంపు కాదు. రెండు లాప్‌టాప్‌లతోనూ పోయింది కాబట్టి లాప్‌టాప్ కాదు. అన్నిటికన్నా విలువైనది లాప్‌టాప్ తెర ఆరి వెలిగిందన్న మాట. బొమ్మ దారిలో చెడిపోతే లాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు, తన పాటికి తాను పంపుతూనే ఉంటుంది. తన తెర కూడా సర్దుకుందంటే అవతలివాడు వెళ్లిపోయాడని అది అనుకుందన్నమాట. చెయ్యి దిగింది. లైట్లు ఆర్పిన సమయాలు కలవడంతో ఎందుకు దిగిందో ఊహించడం తేలికైంది.

ఊహను పరీక్షించే పద్ధతి సులువు. గోడ సాకెట్‌ని వదిలేసి, అంతే పొడవున్న వేరే కేబుల్‌ని నేల మీదుగా, కరెంటు పైపుకి దూరంగా లాప్‌టాప్ నుంచి నేరుగా ప్రొజెక్టర్‌కి వేశాం. లైట్లు పదేపదే వేసి ఆర్పాం. బొమ్మ కదల్లేదు. మళ్లీ గోడ కేబుల్ పెట్టి ఆర్పితే కాసేపట్లోనే పోయింది. ప్రతిసారీ పోదు. స్విచ్ విడిపోయే క్షణంలో ఏసీ కరెంటు తరంగం ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి రవ్వ పెద్దదో చిన్నదో అవుతుంది. మొదట్లో చెప్పిన టెక్నీషియన్ పావుగంట కూర్చున్నా ఏమీ కనిపించకపోవడంలో వింత లేదు, ఆ పావుగంటలో ఎవరూ లైటు ఆర్పలేదు.

లాప్‌టాప్ తెర కదలకుండా ప్రొజెక్టర్ బొమ్మ మాత్రమే పోతే, పోయే ముందు తెల్లటి లేదా రంగు రంగుల చుక్కలు మెరిస్తే, కథ వేరు. అప్పుడు పొడవాటి కేబుల్ బొమ్మ భారాన్ని మోయలేకపోతోంది. 1920×1080 బొమ్మను సెకనుకి 60 సార్లు పంపాలంటే బొమ్మను మోసే మూడు జతల తీగల్లో ఒక్కో దాని మీద సెకనుకి దాదాపు 150 కోట్ల బిట్లు వెళ్లాలి. తరగతి గదుల్లో చాలా ప్రొజెక్టర్ల అసలు కొలత 1024×768 మాత్రమే. అంతకు మించి పంపినా అది కుదించి చూపిస్తుంది. లాప్‌టాప్‌లో Display resolution ని 1024×768కి మారిస్తే కేబుల్ మీద భారం సగానికి దిగువకు వస్తుంది, తెర మీద స్పష్టత ఏమీ తగ్గదు. అలా మార్చాక చుక్కలు మాయమైతే తప్పు కేబుల్‌దే. బంగారు పూత ఉన్న ఖరీదైన కేబుల్ కొంటే తీరుతుందన్న సలహా వినకండి. పూత తుప్పుని ఆపుతుందే గానీ పదిహేను మీటర్ల సన్నటి రాగిలో కలిగే నష్టాన్ని తగ్గించదు.

9-బి గదికి ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేద్దామని ఒక ఆలోచన వచ్చింది. వద్దన్నాను. ఆ రకంలో బొమ్మ గాజు దారాల్లో వెళ్తుంది, కానీ చాలా కేబుళ్లలో 18, 19 పిన్నులకు రాగి తీగలే ఉంటాయి. మన జబ్బు అక్కడే కదా. వేసవి సెలవుల్లో ఎలక్ట్రీషియన్ కేబుల్‌కి వేరే పైపు వేసి, కరెంటు పైపుకి జానెడు దూరంలో, దాన్ని దాటవలసిన చోట అడ్డంగా దాటేట్టు తీసుకెళ్తాడు. అందాకా ఆ వరుసలోని రెండు గదుల్లో చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్‌ఈడీవి పెట్టించాం. ఫ్యాన్ల మోటార్లలోనూ తీగ చుట్టలే ఉంటాయి కాబట్టి, ఫ్యాను ఆర్పినప్పుడు బొమ్మ పోతే సమయం రాసి ఉంచమని టీచరు గారికి చెప్పాం.