రిటైర్మెంట్ ఉత్తరంలో అడగాల్సినవి

ఒక నూలుమిల్లు స్టోర్స్ గుమస్తాను ఊహించుకుందాం. 1996 సెప్టెంబరులో చేరాడు. 2026 ఆగస్టు ఆఖరుకి 58 నిండుతాయి. మూడు నెలల ముందే మేనేజరు గారికి ఉత్తరం రాస్తున్నాడు. మొదటి పేరాలో కృతజ్ఞతలు. ‘చేరిన కొత్తలో బేరింగుల సైజులు తెలియక తికమకపడితే, మీ ముందటి మేనేజరు గారు పక్కన కూర్చుని నేర్పించారు’ అని ఒక్క సంగతి రాస్తే చాలు, పది పొగడ్తలకంటే అదే గుర్తుంటుంది.

తర్వాత అప్పగింత. తాళాలు, స్టాకు రిజిస్టర్లు ఇచ్చేసినంత మాత్రాన అది పూర్తయినట్టు కాదు. కొత్తగా వచ్చే మనిషితో కలిసి ర్యాకు ర్యాకూ లెక్కపెట్టి, రిజిస్టరుకూ సరుకుకూ తేడా ఉంటే అక్కడే రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. సరుకు వచ్చి బిల్లు రానివీ, బిల్లు వచ్చి సరుకు రానివీ విడిగా రాసివ్వాలి. రిటైరయ్యాక ఫోన్లు వచ్చేది ఎక్కువగా వీటి గురించే.

చాలామంది మొహమాటపడి వదిలేసేది మూడో భాగం, పెన్షన్ సంగతి. చివరి రోజు దాటకముందే మూడు ప్రశ్నలు అడగాలి. పీఎఫ్ రికార్డులో నా పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్నాయా? తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్ మీద కంపెనీ ధ్రువీకరణ కావాల్సి రావచ్చు. పనిలో ఉండగా అది పక్క గదిలో పని, తర్వాతైతే గేటు దగ్గర పడిగాపులు. నేను మానేసిన తేదీని పోర్టల్‌లో ఎప్పుడు ఎక్కిస్తారు? అది లేకపోతే క్లెయిము కదలదు. నా సర్వీసంతా ఒకే యూఏఎన్ కింద ఉందా? ఉండకపోతే పాత ఏళ్లు లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

దరఖాస్తులు రెండు. పోగైన పీఎఫ్ సొమ్ముకు ఫారం 19, నెలనెలా పెన్షన్‌కు ఫారం 10డి. ఒకటి పెడితే రెండోది దానంతటదే రాదు.

ఇక పెన్షన్ ఎంతన్నది. సూత్రం తేలికే: పెన్షన్ జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. మన గుమస్తా జీతం 15 వేలు దాటింది కనుక, పరిమితి ప్రకారం 15,000 వేసుకుని, 30 ఏళ్లకు 6,400 పైచిలుకు వస్తుందని ఇంట్లో చెప్పేశాడు. అక్కడే పొరపాటు. ఆ పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచే. అంతకుముందు 18 ఏళ్లకు 6,500 మీదే కడతారు. ఆ ముక్కకు 1,671, తర్వాతి 12 ఏళ్లకు 2,571, మొత్తం 4,240 చిల్లర. 20 ఏళ్లు దాటిన సర్వీసుకు కలిపే రెండేళ్ల అదనంతో కాస్త పెరుగుతుంది, అంతే. ఇంటి ఖర్చు ఈ అంకె మీద వేసుకోవాలి, 6,400 మీద కాదు.

అందుకే ఉత్తరం చివర ఈ వాక్యం ఉండాలంటాను: ‘నా సర్వీసు వివరాలు, పీఎఫ్ రికార్డులో ఉన్న తేదీల కాగితం జులై పదో తారీఖులోగా ఇప్పించగలరు. తప్పులుంటే మీరు, నేను ఇక్కడ ఉండగానే దిద్దించుకుంటాను.’